గంట కొట్టినట్టు తెగే వీపీఎన్

వీపీఎన్ అప్పుడప్పుడు తెగిపోవడం వేరు, గడియారం చూసుకున్నట్టు సరిగ్గా గంటకోసారి తెగిపోవడం వేరు. మొదటి రకానికి బలహీనమైన వైఫై సిగ్నలో, ఇంటర్నెట్ కంపెనీ లైనులో తేడాయో కారణం కావచ్చు. రెండో రకానికి అవి దాదాపు ఎప్పుడూ కారణం కావు. సిగ్నల్ లోపానికి గంటలూ నిమిషాలూ తెలియవు. లెక్క తప్పకుండా ఒకే వ్యవధిలో తెగుతోందంటే, ఎక్కడో ఒక టైమర్ ముగుస్తోందనీ, ఆ క్షణంలో జరగాల్సిన పని జరగడం లేదనీ అర్థం. ఆ టైమర్లలో ముఖ్యమైనవి రెండు. ఒకటి వీపీఎన్ తన రహస్య కీని మార్చుకునే గడువు. రెండోది కంప్యూటర్‌కు రౌటర్ ఇచ్చిన ఐపీ చిరునామా లీజు గడువు.

వీపీఎన్ రెండు చివరల మధ్య వెళ్లే డేటాను ఒక కీతో గుప్తీకరిస్తుంది. ఒకే కీతో ఎక్కువ డేటా పంపేకొద్దీ దాన్ని ఛేదించే వీలు పెరుగుతుంది. 2016లో ఫ్రాన్సులోని ఇన్రియా సంస్థ పరిశోధకులు ‘స్వీట్32’ పేరుతో బయటపెట్టిన దాడి దీనికి మంచి ఉదాహరణ. ట్రిపుల్ డెస్, బ్లోఫిష్ వంటి పాత పద్ధతుల్లో ఒకే కీ మీద సుమారు 32 జీబీ డేటా వెళ్లేసరికి గుప్తలిపిలో ఒకే ముక్క రెండుసార్లు కనిపించే అవకాశం బాగా పెరుగుతుందనీ, దాని ఆధారంగా లోపలి సమాచారాన్ని కొంత రాబట్టవచ్చనీ వాళ్లు చూపించారు. నేటి పద్ధతుల్లో ఆ పరిమితి చాలా ఎక్కువ. అయినా కీ ఎప్పుడైనా బయటపడితే నష్టం గంట డేటాతో ఆగాలన్న ఉద్దేశంతో మధ్యమధ్య కీ మార్చడం ఆనవాయితీ అయింది. దీన్నే రీకీ అంటారు. ఓపెన్‌వీపీఎన్‌లో ఈ గడువు ఎవరూ మార్చకపోతే 3600 సెకన్లు. ఐపీసెక్ పరికరాల్లోనూ డేటా మోసే కీకి అదే అంకె తరచుగా కనిపిస్తుంది. గంటకోసారి అన్న లెక్క ఎక్కువగా ఇక్కడి నుంచే వస్తుంది.

రీకీ సవ్యంగా జరిగితే వాడేవారికి తెలియనే తెలియదు. పాత కీ పనిచేస్తుండగానే కొత్తది తయారవుతుంది. డేటా కొత్త కీ మీదికి మారాక పాతది తీసేస్తారు. అందుకే గంటకోసారి తెగుతోందంటే తప్పు టైమర్‌ది కాదు. టైమర్ పిలిచినప్పుడు రెండు చివరలూ కొత్త కీ మీద ఒప్పందానికి రాలేకపోతున్నాయి. ఎందుకు రాలేకపోతున్నాయన్నదే తేల్చుకోవాల్సిన సంగతి.

ఇంటి నుంచి ఆఫీసు పని చేసేవారికి ఎక్కువగా ఎదురయ్యేది ఓటీపీ చిక్కు. ఓపెన్‌వీపీఎన్ రీకీ చేసేటప్పుడు రెండు చివరలూ మళ్లీ కరచాలనం చేసుకుంటాయి. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగే ఏర్పాటు ఉంటే సర్వర్ వాటిని అప్పుడూ అడుగుతుంది. మామూలు పాస్‌వర్డ్ అయితే క్లయింట్ తన దగ్గర గుర్తుంచుకున్నదే మళ్లీ పంపుతుంది, పని జరిగిపోతుంది. ఓటీపీ అలా కాదు. ఫోన్‌లోని యాప్ చూపించే ఆరంకెల సంఖ్య సాధారణంగా 30 సెకన్లకే మారిపోతుంది. ఉదయం 9:12కు కొట్టిన సంఖ్యనే క్లయింట్ 10:12కు మళ్లీ పంపితే సర్వర్ దాన్ని నిలువునా తోసిపుచ్చుతుంది. లాగ్‌లో అది ఇలా కనిపిస్తుంది:

```
TLS: soft reset sec=3600/3600
AUTH: Received control message: AUTH_FAILED
```

మొదటి వరుస రీకీ మొదలైందని చెబుతుంది, రెండోది సర్వర్ కాదన్నదని. లైను బాగుంది, సర్వర్ బాగుంది, పాస్‌వర్డూ సరైనదే. ఉద్యోగి మాత్రం మళ్లీ ఓటీపీ కొట్టి కనెక్టవుతాడు, మళ్లీ గంటకు తెగుతుంది. దీనికి సరైన మందు సర్వర్ వైపు ఉంది. `auth-gen-token` అన్న ఏర్పాటు పెడితే, మొదటిసారి ఓటీపీ సరిపోయాక సర్వర్ ఒక టోకెన్ ఇస్తుంది. తర్వాతి రీకీలకు క్లయింట్ ఓటీపీ బదులు దాన్నే చూపిస్తుంది. చాలామంది దీనికి బదులు తమ కంప్యూటర్లో `reneg-sec 0` అని రాసుకుని రీకీనే ఆపేయాలని చూస్తారు. దాని వల్ల ఫలితం ఉండదు, ఎందుకంటే టైమర్ రెండు చివరలా ఉంటుంది, ఏది ముందు ముగిస్తే అది రీకీ మొదలుపెడుతుంది. కొత్త వెర్షన్ల సర్వర్ అందరికీ ఒకేసారి పని పడకుండా తన గడువును 54 నిమిషాల నుంచి 60 నిమిషాల మధ్య ఎక్కడో ఒకచోట పెట్టుకుంటుంది కూడా. అందుకే కొందరికి సరిగ్గా గంటకు కాకుండా 56 నిమిషాలకో 58 నిమిషాలకో తెగుతుంది.

రెండు ఆఫీసులను కలిపే ఐపీసెక్ లింకుల్లో కనిపించే కారణం ఇంతకంటే మాయదారిది. హైదరాబాద్‌లో ఒక ఆఫీసు, విశాఖలో దాని బ్రాంచి ఉన్నాయనుకోండి. రెంటి ఫైర్‌వాల్‌ల మధ్య ఐకేవీ2 పద్ధతిలో టన్నెల్ పెట్టారు. రీకీ జరిగిన ప్రతిసారీ కీ పాతదాని నుంచి పుట్టకుండా పూర్తిగా కొత్తగా రావాలని ‘పీఎఫ్ఎస్’ ఏర్పాటు రెండు వైపులా పెట్టారు. అయితే దానికి వాడే గణిత పద్ధతుల్లో హైదరాబాద్ వైపు గ్రూప్ 14, విశాఖ వైపు గ్రూప్ 20 ఎంచుకున్నారు. ఇద్దరు ఇంజనీర్లు విడివిడిగా సెట్ చేసిన చోట ఇలాంటిది మామూలే. ఇంత తేడా ఉన్నా ఉదయం 10 గంటలకు టన్నెల్ చక్కగా లేస్తుంది! ఐకేవీ2లో మొదటి డేటా కీ, పరస్పర గుర్తింపు జరిగే సంభాషణలోనే, అప్పటికే ఉన్న రహస్యం నుంచి తయారవుతుంది. దానికి విడిగా పీఎఫ్ఎస్ లెక్క జరగదు కాబట్టి గ్రూపుల తేడా బయటపడదు. మొదటి రీకీ వచ్చినప్పుడే ఆ లెక్క మొదటిసారి అవసరమవుతుంది. పాత ఐకేవీ1లో పీఎఫ్ఎస్ పోలిక మొదట్లోనే జరిగేది. అక్కడైతే అసలు టన్నెలే లేచేది కాదు, తప్పు అప్పుడే దొరికేది.

ఇప్పుడు గడియారం చూద్దాం. కీ ఆయుష్షు గంట, దానికి కనీసం 9 నిమిషాల ముందే రీకీ మొదలుపెట్టాలి, ఆ వ్యవధిని యాదృచ్ఛికంగా రెట్టింపు దాకా పెంచవచ్చు. స్ట్రాంగ్‌స్వాన్ పాత కాన్ఫిగరేషన్ పద్ధతిలో ఇవి మామూలు అంకెలు. ఆ లెక్కన మొదటి ప్రయత్నం 10:42కూ 10:51కీ మధ్య జరుగుతుంది. అవతలి వైపు గ్రూపు నచ్చక తిరస్కరిస్తుంది. లాగ్‌లో ఈ వరుస పడుతుంది:

```
received NO_PROPOSAL_CHOSEN notify, no CHILD_SA built
```

అయినా ఆఫీసులో ఎవరికీ ఏమీ తెలియదు, పాత కీ ఇంకా బతికే ఉంది. ఫైర్‌వాల్ కాసేపటికోసారి మళ్లీ ప్రయత్నిస్తుంది, మళ్లీ అదే జవాబు. 11 గంటలకు పాత కీ ఆయుష్షు తీరుతుంది, అప్పుడు డేటా ఆగిపోతుంది. ఎవరో టన్నెల్‌ను ఆపి మళ్లీ ఆన్ చేస్తారు. మొదటి సంభాషణ మళ్లీ మొదటి నుంచి జరుగుతుంది, అందులో పీఎఫ్ఎస్ అడగరు, టన్నెల్ లేస్తుంది. రీస్టార్ట్ చేస్తే బాగైపోతోంది కాబట్టి తప్పు సెట్టింగుల్లో లేదని అందరూ నమ్ముతారు. లాగ్ చూసేవారు కూడా 11 గంటల దగ్గర వెతికి ఊరుకుంటారు. అసలు సంగతి దానికి పది పదిహేను నిమిషాల ముందే రాసి ఉంటుంది.

లీజు కథ వీపీఎన్‌కు బయట జరుగుతుంది. రౌటర్ ఐపీ చిరునామాను ఎవరికీ శాశ్వతంగా ఇవ్వదు, డీహెచ్‌సీపీ పద్ధతిలో కొంత గడువుకే ఇస్తుంది. 1997 నాటి ప్రమాణం ప్రకారం గడువులో సగం గడిచాక కంప్యూటర్ నేరుగా ఆ సర్వర్‌నే పొడిగించమని అడుగుతుంది. జవాబు రాకపోతే గడువులో ఎనిమిదింట ఏడు వంతులు గడిచాక నెట్‌వర్క్‌లో ఉన్న ఏ సర్వరైనా ఇవ్వండని అందరికీ కేక వేస్తుంది. అప్పటికీ దిక్కులేకపోతే గడువు చివర చిరునామాను వదిలేయాలి. లీజు 2 గంటలైతే, పొడిగింపు జరిగినప్పుడల్లా గడువు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది కాబట్టి, పొడిగింపు గంటకోసారి జరుగుతుంది.

మామూలు పొడిగింపులో అదే చిరునామా వస్తుంది, ఎవరికీ ఇబ్బంది లేదు. కొన్ని వీపీఎన్ క్లయింట్లు మాత్రం పొడిగింపు తర్వాత సిస్టమ్ తిరగరాసే రూట్లనూ డీఎన్ఎస్‌నూ చూసి నెట్‌వర్క్ మారిందనుకుని కనెక్షన్ మళ్లీ కట్టుకుంటాయి. ఇంకో తీరు, పొడిగింపు అసలు జరగకపోవడం. డేటా మొత్తాన్ని టన్నెల్‌లోకే పంపే ఏర్పాటులో, డీహెచ్‌సీపీ సర్వర్ ఇంట్లోని రౌటర్‌లో కాకుండా ఇంటర్నెట్ కంపెనీ దగ్గర ఎక్కడో ఉంటే, నేరుగా పంపిన అభ్యర్థన కూడా టన్నెల్‌లో పడి ఆఫీసుకు వెళ్లిపోతుంది. అక్కడ దానికి జవాబిచ్చేవారు లేరు. అందరికీ వేసే కేకను కూడా క్లయింట్ తాలూకు ఫైర్‌వాల్ అడ్డుకుంటే గడువు తీరగానే చిరునామా పోతుంది, దాని మీద నిలబడ్డ వీపీఎనూ కూలుతుంది. అలాంటప్పుడు తెగే వ్యవధి లీజులో సగంతో కాకుండా పూర్తి లీజుతో సరిపోతుంది. గంట లీజు ఇచ్చే చోట గంటకోసారి, 2 గంటలు ఇచ్చే చోట 2 గంటలకోసారి. ఇది కాక, చాలా ఇళ్ల వైఫై రౌటర్లు తమ గ్రూప్ కీని కూడా 3600 సెకన్లకే మారుస్తాయి. పాత వైఫై డ్రైవర్లు అక్కడ తడబడితే లక్షణం అచ్చం ఇలాగే ఉంటుంది.

వీటిని విడదీసేది గంట ఎప్పటి నుంచి మొదలైందన్న ప్రశ్న. వైఫై 8:40కి కలిసింది, వీపీఎన్ 9:12కు కలిసింది అనుకుంటే, 10:12 ప్రాంతంలో తెగడం రీకీని చూపిస్తుంది. 9:40కే తెగితే వీపీఎన్ లేచి అప్పటికి 28 నిమిషాలే కాబట్టి లీజునో వైఫైనో అనుమానించాలి. విండోస్‌లో `ipconfig /all` కొడితే వైఫై అడాప్టర్ కింద `Lease Obtained`, `Lease Expires` అన్న రెండు సమయాలూ కనిపిస్తాయి, తెగిన సమయాన్ని వాటితో పోల్చుకోవచ్చు. అనుమానం తీరకపోతే మధ్యలో వీపీఎన్‌ను మాత్రమే ఆపి మళ్లీ కలపాలి. తెగే సమయం దానితోపాటు జరిగితే కారణం వీపీఎన్ లోపల ఉంది, జరగకపోతే బయట ఉంది.

కారణం ఫలానా అని అనుకున్నాక రుజువు కోసం గంట ఆగనక్కర్లేదు, ఆ టైమర్‌ను చేత్తోనే మోగించవచ్చు. స్ట్రాంగ్‌స్వాన్‌లో కొత్త కాన్ఫిగరేషన్ పద్ధతి వాడుతుంటే `swanctl --rekey --child` తర్వాత ఆ టన్నెల్ పేరు కొడితే రీకీ అప్పటికప్పుడు జరుగుతుంది. పీఎఫ్ఎస్ గ్రూపులు కలవకపోతే తిరస్కరణ వెంటనే లాగ్‌లో పడుతుంది. ఓపెన్‌వీపీఎన్‌లో పరీక్ష కోసం `reneg-sec 120` అని పెడితే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. లీజు సంగతి `ipconfig /renew` చెబుతుంది. ఏది కొట్టినప్పుడు వీపీఎన్ తెగితే అక్కడే సరిచేయాలి. గ్రూపులు రెండు వైపులా ఒకటి చేయడం, సర్వర్ చేత టోకెన్ ఇప్పించడం, డీహెచ్‌సీపీ అభ్యర్థన టన్నెల్‌లోకి పోకుండా ఆ సర్వర్‌కు విడిగా రూట్ రాయడం, ఏది అవసరమైతే అది. గంట గడువును 8 గంటలకు పెంచితే మాత్రం తెగడం ఆగదు, సాయంత్రానికి వాయిదా పడుతుంది.