దెబ్బ తగిలి జిమ్‌కు వెళ్లలేకపోతే: ఫ్రీజ్ అడగాలా, రిఫండ్ అడగాలా?

సంఘం కార్యాలయానికి ఉత్తరాలు రాయించుకోవడానికి వచ్చేవారు ఎక్కువగా కుల ధ్రువీకరణ, రేషన్, పింఛన్ పనుల మీద వస్తారు. ఈసారి ఒక యువ సభ్యుడు మోకాలికి పట్టీ కట్టుకొని, కుంటుకుంటూ వచ్చాడు. గోదావరి వంతెన దాటి తెలంగాణ వైపు ఉద్యోగానికి రోజూ వెళ్లి వస్తాడు. అక్కడి జిమ్‌లోనే ఏడాదికి 12,000 రూపాయలు ఒకేసారి కట్టి జూన్ 10న చేరాడు. సెప్టెంబరు 18న సిరోంచలో వాలీబాల్ ఆడుతూ పడిపోతే మోకాలి లిగమెంటుకు గాయమైంది. జిమ్ వాళ్లను అడిగితే రసీదు చూపించి, “కట్టిన డబ్బు తిరిగి ఇవ్వబడదు అని రాసి ఉంది కదా” అన్నారట.

“బాబాయ్, గట్టిగా ఒక నోటీసు రాయండి, మొత్తం డబ్బు వెనక్కి ఇవ్వాలని” అన్నాడు. మేము ముందు అతను సంతకం చేసిన ఫారం తెమ్మన్నాం. ఫోన్‌లో ఫొటో ఉంది. దాని వెనుక పేజీలో ఏడో షరతు ఇలా ఉంది: అనారోగ్యం లేదా గాయం అయితే డాక్టరు సర్టిఫికెట్ ఇచ్చి, ఏడాదిలో ఒకసారి 30 నుంచి 90 రోజుల వరకు సభ్యత్వాన్ని ఆపి ఉంచవచ్చు. దీన్నే ఫ్రీజ్ అంటారు. ఆ రోజులు ఆఖరి తేదీకి కలుస్తాయి. ఈ వాక్యాన్ని అతను అంతవరకు చదవలేదు, కౌంటర్ దగ్గర ఎవరూ చెప్పలేదు.

ఇక్కడే అసలు విషయం ఉంది. ఫ్రీజ్ వాళ్లే రాసిచ్చిన మాట. ఇవ్వకపోతే అది సేవా లోపం. రిఫండ్ సంగతి వేరు. గాయం జిమ్ తప్పు వల్ల కాలేదు, జిమ్ తలుపులు తెరిచే ఉన్నాయి. కాబట్టి ఆటలో కాలు విరిగినంత మాత్రాన చట్టం మొత్తం డబ్బు ఇప్పించదు. అందుకే ఉత్తరంలో మొదటి కోరిక ఫ్రీజ్, అది కుదరదంటే రెండో కోరిక మిగిలిన రోజుల డబ్బు అని రాయాలి. రిఫండ్ ఒక్కటే అడిగితే “లేదు” అనే ఒక్క మాటతో వాళ్ల పని అయిపోతుంది. జిమ్‌లోనే యంత్రం విరిగి దెబ్బ తగిలితే మాత్రం అది వేరే ఫిర్యాదు, దాన్ని ఈ ఉత్తరంలో కలపకూడదు.

తరువాత సర్టిఫికెట్. అతను సెప్టెంబరు 20న తెచ్చుకున్న కాగితంలో “ఏడు రోజులు విశ్రాంతి అవసరం” అని మాత్రమే ఉంది. అది ఆఫీసు సెలవుకు సరిపోతుంది, జిమ్‌కు సరిపోదు. ఏడు రోజులకు ఫ్రీజ్ ఇవ్వం, కనీసం 30 రోజులు ఉండాలని వాళ్లు తిప్పి పంపారు. ఆ మాటలో తప్పు లేదు. మళ్లీ అదే డాక్టరు గారి దగ్గరికి పంపితే 23న సరైన సర్టిఫికెట్ వచ్చింది. అందులో నాలుగు సంగతులు ఉన్నాయి: గాయం ఏమిటి, ఏ తేదీన పరీక్షించారు, ఏ వ్యాయామాలు చేయకూడదు, ఏ తేదీ వరకు చేయకూడదు. “కొంతకాలం” అని కాకుండా “డిసెంబరు 13 వరకు” అని ఉండడం ముఖ్యం. కింద డాక్టరు సంతకం, ముద్రతో పాటు రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమాల ప్రకారం సర్టిఫికెట్ల మీద ఆ నంబరు వేయాలి. అది లేకపోతే అవతలివారు అనుమానించడానికి సందు దొరుకుతుంది. ఎమ్మారై రిపోర్టు, మందుల చీటీలు జతచేయవద్దన్నాం. జిమ్‌కు అంత వివరం అక్కర్లేదు. ఇచ్చేది జిరాక్సు మాత్రమే, అసలు కాగితం ఇంట్లోనే ఉండాలి.

సెప్టెంబరు 24న రాసిన ఉత్తరం ఇది. పేర్లు తీసేశాం.

“మేనేజర్ గారికి,
విషయం: గాయం కారణంగా సభ్యత్వం ఫ్రీజ్ చేయమని వినతి.
నేను జూన్ 10 నుంచి మీ జిమ్‌లో వార్షిక సభ్యుణ్ణి. రసీదు జిరాక్సు జతచేశాను. సెప్టెంబరు 18న నా మోకాలికి గాయమైంది. డిసెంబరు 13 వరకు వ్యాయామం చేయకూడదని డాక్టరు గారు ఇచ్చిన సర్టిఫికెట్ జిరాక్సు జతచేశాను.
ఫారంలోని 7వ షరతు ప్రకారం నేటి నుంచి డిసెంబరు 13 వరకు 81 రోజులు ఫ్రీజ్ చేసి, ఆఖరి తేదీని జూన్ 9 నుంచి ఆగస్టు 29కి మార్చినట్లు రాతపూర్వకంగా తెలపగలరు.
అది వీలుకాకపోతే మిగిలిన 259 రోజులకు 8,515 రూపాయలు తిరిగి ఇవ్వగలరు. 15 రోజుల్లో జవాబు కోరుతున్నాను.”

లెక్క సులువే. నిన్నటి దాకా 106 రోజులు గడిచాయి, 365లో మిగిలినవి 259. 12,000ను 365తో భాగించి 259తో హెచ్చిస్తే ఆ మొత్తం వస్తుంది. అయితే జిమ్ వాళ్లు మరో లెక్క చెప్పవచ్చు: “ఏడాది రేటు రాయితీ రేటు. నెలకైతే 1,500. నాలుగో నెల మొదలైంది కాబట్టి 6,000 పట్టుకుని 6,000 ఇస్తాం.” ఈ తేడా ముందే తెలిసి ఉంటే బేరం దగ్గర తడబడరు.

ఉత్తరం రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద అందినట్లు సంతకం, ముద్ర, తేదీ వేయించుకోవాలి. ముద్ర వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. ఫ్రీజ్ సాధారణంగా ఉత్తరం అందిన రోజు నుంచే లెక్కిస్తారు. మన సభ్యుడికి గాయమైన 18 నుంచి 23 దాకా ఆరు రోజులు అలాగే పోయాయి. నొప్పి తగ్గాక చూద్దాం అని నెల ఆగితే నెల పోతుంది. వాయిదాల మీద కట్టేవారు ఉత్తరం ఇచ్చామని వాయిదా ఆపకూడదు. అప్పు ఇచ్చిన సంస్థకు జిమ్‌తో సంబంధం లేదు.

భాష సంగతి కూడా చెప్పాలి. ఈ జిమ్ నది అవతల కాబట్టి తెలుగులో రాశాం. గడ్చిరోలి, చంద్రపూర్, నాగపూర్ జిమ్‌లకైతే మరాఠీలో రాసి ఇస్తాం.

జవాబు రాకపోతే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయాలి. ఆ తరువాత జిల్లా వినియోగదారుల కమిషన్. జిమ్ తెలంగాణలో ఉంది కదా, అక్కడికే తిరగాలా అని అతను భయపడ్డాడు. అవసరం లేదు. 2019 చట్టం ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోటే దాఖలు చేయవచ్చు, అంటే మనకు గడ్చిరోలి. 5 లక్షల లోపు చెల్లింపులకు ఫీజు లేదు, రెండేళ్ల గడువు ఉంది, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయవచ్చు. ఒక్క హెచ్చరిక: ‘రిఫండ్ లేదు’ అనే షరతే అన్యాయమైన ఒప్పందం అని వాదించాలంటే అది జిల్లా కమిషన్ పరిధిలో లేదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. ఎనిమిది వేల కోసం అంత దూరం వెళ్లడం లాభసాటి కాదు. ఏడో షరతు అమలు చేయలేదు అన్న ఫిర్యాదు మాత్రం జిల్లాలోనే నడుస్తుంది.

మన సభ్యుడికి అంత దూరం పోవలసిన పని పడలేదు. పదకొండో రోజున ఫ్రీజ్ ఇచ్చినట్లు వాట్సాప్‌లో జవాబు వచ్చింది. రిఫండ్ మాటకు జవాబు లేదు. ఆ సందేశాన్ని ప్రింటు తీయించి రసీదుకు పిన్ను కొట్టుకోమన్నాం. ఆగస్టులో కౌంటర్ దగ్గర మనిషి మారినా ఆ కాగితం మారదు.

ఇలాంటి ఉత్తరం కావలసిన సభ్యులు రసీదు, ఫారం రెండు వైపులా తీసిన ఫొటో, తేదీలున్న సర్టిఫికెట్ తీసుకొని సంఘం కార్యాలయానికి రాగలరు.