అప్పు మునిగే ప్రమాదానికి ధర కట్టడం

క్రెడిట్ డిఫాల్ట్ స్వాప్, వాడుకలో సీడీఎస్, ఇద్దరి మధ్య కుదిరే ఒప్పందం. ఒక కంపెనీ తన అప్పు ఎగవేస్తుందేమోనన్న భయం ఉన్నవాడు ఏటా కొంత ప్రీమియం కడతాడు. ఆ ప్రీమియం తీసుకునేవాడు, ఎగవేత నిజంగానే జరిగితే నష్టాన్ని భరిస్తానని మాట ఇస్తాడు. మొదటివాడు రక్షణ కొన్నవాడు, రెండోవాడు అమ్మినవాడు. అప్పు తీసుకున్న కంపెనీకి ఈ ఒప్పందంతో సంబంధమే ఉండదు. చూడటానికి బీమాలాగే ఉన్నా ఒక పెద్ద తేడా ఉంది: రక్షణ కొన్నవాడి దగ్గర ఆ కంపెనీ బాండ్లు ఉండాలన్న నియమం సాధారణంగా లేదు. పక్కవాడి ఇంటికి అగ్నిబీమా తీసుకున్నట్టు అన్నమాట.

ఏటా కట్టే ప్రీమియాన్ని ఒప్పందపు మొత్తంలో శాతంగా చెబితే అదే స్ప్రెడ్. దీన్ని బేసిస్ పాయింట్లలో చెప్పుకుంటారు. ఒక బేసిస్ పాయింట్ అంటే శాతంలో నూరో వంతు. కోటి డాలర్ల ఒప్పందం మీద 187 బేసిస్ పాయింట్ల స్ప్రెడ్ అంటే ఏడాదికి 1,87,000 డాలర్లు. ఈ 187 ఎక్కడి నుంచి వస్తుందన్నది మొదటి ప్రశ్న.

దానికి రెండు అంకెలు కావాలి. మొదటిది హజార్డ్ రేటు: కంపెనీ ఇప్పటిదాకా నిలబడి ఉంది కాబట్టి, రాబోయే ఏడాదిలో అది కూలే అవకాశం ఎంత అన్నది. రెండోది రికవరీ రేటు: కూలాక ఆ కంపెనీ బాండ్ల మీద నూటికి ఎంత చేతికొస్తుందన్నది. సీనియర్ బాండ్లకు దీన్ని 40 శాతంగా అనుకోవడం మార్కెట్ ఆనవాయితీ. అప్పుడు రక్షణ అమ్మినవాడు భరించాల్సిన నష్టం నూటికి 60.

ఒకే రకమైన నూరు కంపెనీల మీద, ఒక్కోదానికి వంద డాలర్ల చొప్పున ఒకడు రక్షణ అమ్మాడనుకుంటే లెక్క సులువవుతుంది. హజార్డ్ రేటు 3 శాతమైతే ఏడాదిలో మూడు కంపెనీలు మునుగుతాయి. ఒక్కోదానికి 60 డాలర్ల చొప్పున అతను 180 డాలర్లు చెల్లించాలి. ఆ 180ని నూరు ఒప్పందాల మీద పంచితే ఒక్కోదానికి 1.80 డాలర్లు. అంటే అతనికి లాభం గానీ నష్టం గానీ లేని ప్రీమియం 1.80 శాతం, 180 బేసిస్ పాయింట్లు. వ్యాపారులు నోటిలెక్కగా వాడే సూత్రం ఇదే:

స్ప్రెడ్ ≈ హజార్డ్ రేటు × (1 − రికవరీ రేటు)

ఇది దాదాపు సరైనదే, పూర్తిగా కాదు. అసలు లెక్కలో డబ్బు ఎప్పుడు చేతులు మారుతుందో కూడా చూడాలి. అయిదేళ్ల ఒప్పందం, 5 శాతం వడ్డీ, ఏడాది చివర ప్రీమియం, ఎగవేతలు సగటున ఏడాది మధ్యలో జరుగుతాయన్న ఊహ తీసుకుందాం. ఈసారి వెయ్యి కంపెనీలు. మొదటి ఏడు 30 మునిగి 970 మిగులుతాయి. రెండో ఏడు ఆ 970లో 3 శాతం, అంటే 29 మునుగుతాయి. మునిగేవి ఏటా కాస్త తగ్గుతూ వస్తాయి. ప్రమాదం తగ్గి కాదు, మునగడానికి మిగిలినవే తక్కువ కాబట్టి. అయిదో ఏడు ముగిసేసరికి సుమారు 859 నిలబడి ఉంటాయి.

ఇప్పుడు తక్కెడలో రెండు పళ్లేలు. ఒకవైపు అమ్మినవాడు చెల్లించబోయే నష్టం: ఏటా మునిగే వంతును 60 శాతంతో గుణించి, వడ్డీ మేరకు తగ్గించి నేటి విలువకు తెచ్చి కూడితే కోటి డాలర్ల ఒప్పందానికి సుమారు 7,54,000 డాలర్లు వస్తుంది. మరోవైపు అతనికి అందబోయే ప్రీమియం. ఏడాదికి ఒక్క డాలరు ప్రీమియం అనుకుంటే అయిదేళ్లలో అయిదు డాలర్లు రావు. కంపెనీ మునిగాక ప్రీమియం ఆగిపోతుంది. మునిగిన ఏడాదికి అప్పటివరకు గడిచిన రోజులకే వస్తుంది. వచ్చేది కూడా రేపటి డబ్బు కాబట్టి వడ్డీ మేరకు విలువ తగ్గుతుంది. ఇవన్నీ చూస్తే ఆ డాలరు ప్రీమియం నేటి విలువ 4.03 డాలర్లు. ఈ 4.03ని రిస్కీ యాన్యుటీ అంటారు. కంపెనీ బతికి ఉన్నంతవరకే అందే కిస్తీల విలువ అని అర్థం.

రెండు పళ్లేలూ సమం కావాలంటే 7.54 శాతాన్ని 4.03తో భాగించాలి. వచ్చేది 1.87 శాతం, అంటే 187 బేసిస్ పాయింట్లు. నోటిలెక్క కంటే ఏడు ఎక్కువ. అమ్మినవాడు నష్టాన్ని ఏడాది మధ్యలోనే కట్టాలి, ప్రీమియం మాత్రం ఏడాది చివర అందుతుంది. పైగా ఆలోపు మునిగినవి సగం ప్రీమియమే ఇచ్చి వెళ్లిపోతాయి. ఈ రెంటికీ పరిహారమే ఆ ఏడు. నిజమైన ఒప్పందాల్లో ప్రీమియం మూడు నెలలకోసారి, మార్చి, జూన్, సెప్టెంబర్, డిసెంబర్ నెలల 20వ తేదీల్లో కడతారు కనుక తేడా ఇంకా తగ్గి నోటిలెక్కకు దగ్గరవుతుంది.

మార్కెట్లో మాత్రం ఈ లెక్క వెనక నుంచి ముందుకు నడుస్తుంది. హజార్డ్ రేటు ఎవరికీ కనిపించదు. కనిపించేది స్ప్రెడ్. దాన్నుంచే హజార్డ్ రేటును రాబడతారు. అలా వచ్చిన 3 శాతాన్ని చూసి ఇలాంటి కంపెనీలు నిజంగానే నూటికి మూడు మునుగుతాయనుకుంటే పొరపాటు. రిస్కు మోసినందుకు అమ్మినవాడు అడిగే అదనపు ప్రతిఫలం కూడా అందులో కలిసి ఉంటుంది. అందుకే ఆ అంకె సాధారణంగా చరిత్రలో నమోదైన ఎగవేతల కంటే పెద్దదిగా ఉంటుంది.

ఇక పాత ఒప్పందం సంగతి. 187 బేసిస్ పాయింట్లకు అయిదేళ్ల రక్షణ కొన్నవాడికి ఏడాది గడిచింది. ఈలోగా కంపెనీ పరిస్థితి దిగజారి హజార్డ్ రేటు 3 నుంచి 5 శాతానికి ఎక్కింది. మిగిలిన నాలుగేళ్లకు అదే పద్ధతిలో లెక్క కడితే కొత్త స్ప్రెడ్ 315. ఇవాళ కొత్తగా రక్షణ కొనేవాడు ఏటా 315 కట్టాలి, మనవాడు మాత్రం 187 కడుతూ అదే రక్షణ అనుభవిస్తున్నాడు. అతని చేతిలోని ఒప్పందానికి విలువ ఉందన్నది స్పష్టం. ఎంత?

తొందరపడి కట్టే లెక్క ఇది: తేడా 128 బేసిస్ పాయింట్లు, మిగిలింది నాలుగేళ్లు, కనుక 5.12 శాతం, కోటి మీద 5,12,000 డాలర్లు. ఇది తప్పు, అదీ చిన్న తప్పు కాదు. అతను ఆ లాభాన్ని చేతికి తెచ్చుకునే దారి చూస్తే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. పాత రక్షణను అలాగే ఉంచి, అదే కంపెనీ మీద నాలుగేళ్ల రక్షణను ఇవాళ్టి ధర 315కి మరొకరికి అమ్మాడనుకుందాం. కంపెనీ మునిగితే ఒకవైపు 60 వస్తుంది, మరోవైపు 60 పోతుంది; చెల్లు. మిగిలేది ఏటా వచ్చే 128. కానీ కంపెనీ మునిగిన రోజుతో రెండు ఒప్పందాలూ ముగుస్తాయి, ఆ 128 కూడా అక్కడితో సరి. అంటే అతని లాభం నాలుగు ఖాయమైన కిస్తీలు కాదు, కంపెనీ బతికి ఉన్నంతవరకే అందే కిస్తీలు. కాబట్టి గుణించాల్సింది నాలుగుతో కాదు, రిస్కీ యాన్యుటీతో. 5 శాతం హజార్డ్ రేటు దగ్గర నాలుగేళ్లకు అది 3.22. 128ని 3.22తో గుణిస్తే 4.12 శాతం, కోటి మీద 4,12,000 డాలర్లు. తొందర లెక్క లక్ష డాలర్లు ఎక్కువ చూపింది.

ఒప్పందాన్ని ఇవాళే ముగించుకోవాలంటే రక్షణ అమ్మినవాడు ఇచ్చుకోవాల్సిన మొత్తం కూడా ఇదే. దీన్ని అప్‌ఫ్రంట్ విలువ అంటారు. మరో దారిలో వెళ్లినా అంకె మారదు: మిగిలిన నాలుగేళ్ల రక్షణ నేటి విలువ 10.14 శాతం, కట్టాల్సిన పాత ప్రీమియం నేటి విలువ 6.02 శాతం, తేడా 4.12. కంపెనీ కోలుకుని స్ప్రెడ్ 187 కంటే దిగితే గుర్తు తిరగబడుతుంది. అప్పుడు బయటపడటానికి కొన్నవాడే చెల్లించాలి.

2009 ఏప్రిల్‌లో అమెరికా మార్కెట్లో వచ్చిన మార్పు తర్వాత ఈ అప్‌ఫ్రంట్ లెక్క పాత ఒప్పందాలకే పరిమితం కాలేదు. అప్పటి నుంచి అక్కడ ఒక్కో కంపెనీ మీద ప్రీమియం 100 లేదా 500 బేసిస్ పాయింట్లుగా స్థిరపడింది. అసలు ధరకూ ఆ అంకెకూ ఉన్న తేడాను ఒప్పందం కుదిరిన రోజే రొక్కంగా సర్దుకుంటారు. పై కంపెనీ మీద 100 ప్రీమియంతో నాలుగేళ్ల రక్షణ కొనాలంటే తేడా 215; 3.22తో గుణిస్తే సుమారు 6.92 శాతం కొన్నవాడు ముందే ఇవ్వాలి. 500 ప్రీమియం ఎంచుకుంటే తేడా అటు తిరుగుతుంది. కొన్నవాడికే సుమారు 5.95 శాతం ముందు ముడుతుంది. ఒప్పందాలన్నీ ఒకే అచ్చులో ఉండటం వల్ల ఎదురెదురు ఒప్పందాలను రద్దు చేసుకోవడం తేలికైంది. మార్పుకు అసలు ఉద్దేశం అదే.

ఇక మిగిలింది రికవరీ రేటు. 40 శాతం కేవలం ఊహ. 2008 అక్టోబర్ 10న జరిగిన వేలంలో లేమన్ బ్రదర్స్ బాండ్ల ధర నూటికి 8.625గా తేలింది; రక్షణ అమ్మినవాళ్లు నూటికి 91.375 చెల్లించారు. అదే నెలలో ఫ్యానీ మే సీనియర్ బాండ్లకు 91.51 పలికింది; అక్కడ చెల్లింపు తొమ్మిది కూడా దాటలేదు. ఇంత తేడా వచ్చే అంకెను ముందే ఊహించి కట్టే ధరను ఎలా నమ్మాలి?

జవాబు రెండు లెక్కల తేడాలో ఉంది. హజార్డ్ రేటును 5 దగ్గరే ఉంచి రికవరీని 40 నుంచి 20కి దింపితే స్ప్రెడ్ 315 నుంచి 420కి ఎగురుతుంది. కొత్తగా లెక్క నేర్చుకునేవాళ్లు తరచు చేసే తప్పు ఇదే. మార్కెట్లో కనిపిస్తున్నది 315 అయినప్పుడు ఆ అంకెను మార్చే హక్కు లేదు. రికవరీని దింపితే, స్ప్రెడ్ 315గానే ఉండేలా హజార్డ్ రేటును కూడా 3.77 శాతానికి దింపాలి. అలా సరిచేశాక రిస్కీ యాన్యుటీ 3.22 నుంచి 3.30కి, పాత ఒప్పందం విలువ 4,12,000 నుంచి సుమారు 4,22,000 డాలర్లకు మారుతుంది. రికవరీ ఊహ సగానికి పడిపోయినా తేడా పదివేల డాలర్లే.

అయితే ఇది కంపెనీ ఇంకా ఓ మోస్తరుగా నిలబడి ఉన్నప్పటి మాట. కూలడం ఖాయమన్న దశకు చేరాక స్ప్రెడ్ వేలల్లోకి వెళుతుంది, రిస్కీ యాన్యుటీ ఏడాది లోపుకు కుంచించుకుపోతుంది. అప్పుడు ఒప్పందం విలువ నూటిలోంచి రికవరీ తీసేయగా మిగిలిన అంకె వైపు జరుగుతుంది. ఆ దశలో వ్యాపారులు స్ప్రెడ్ చెప్పుకోవడం మానేసి నేరుగా నూటికి ఇంత అప్‌ఫ్రంట్ అని బేరమాడతారు. ఆ అప్‌ఫ్రంట్ 60 దాటిందంటే 40 శాతం రికవరీ ఊహతో లెక్క ఇక పొసగదు. రేపే కూలుతుందనుకున్నా 60కి మించి రాదు మరి.