ఫిర్యాదుకు హోటల్ ఇచ్చే జవాబు: ఏ గంటకు ఏం జరిగింది?

హోటల్లో ఇబ్బంది పడిన అతిథి మేనేజరుతో చెప్పి ఊరుకోకుండా పర్యాటక శాఖకు రాస్తే, ఆ ఫిర్యాదు తిరిగి హోటలుకే వస్తుంది. ఈసారి మాత్రం దానిపై శాఖ వారి లేఖ ఉంటుంది. ఫలానా గడువులోగా వివరణ పంపమని అందులో అడుగుతారు. వివరణ చదివే అధికారికి అతిథి ఎవరో తెలియదు, ఆ గది ఎలా ఉంటుందో తెలియదు, ఆ రాత్రి ఆయన అక్కడ లేరు. ఆయన ముందున్నవి రెండు కాగితాలే. అందుకే ఈ జవాబులో క్షమాపణ వాక్యాల కంటే కాలక్రమానికే బరువు ఎక్కువ.

పర్యాటక శాఖ న్యాయస్థానం కాదు. స్టార్ హోదా కోరుకునే హోటళ్లకు ఆ హోదా ఇచ్చేది కేంద్ర పర్యాటక మంత్రిత్వ శాఖ వారి హోటల్, రెస్టారెంట్ ఆమోద వర్గీకరణ కమిటీ. ఆ హోదా ఐదేళ్లు చెల్లుతుంది. ఫిర్యాదు వచ్చినప్పుడు శాఖ చేయగలిగేది వివరణ అడగడం, తనిఖీకి మనిషిని పంపడం, హోదాకు తగ్గట్టు హోటల్ నడుస్తోందా లేదా అని చూడడం. నష్టపరిహారం ఇమ్మని ఉత్తర్వు కావాలంటే అతిథి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద కమిషన్‌కు వెళ్లాలి. అలా వెళ్లడానికి ఆయనకు రెండేళ్ల గడువు ఉంటుంది. శాఖకు పంపిన జవాబు రేపు ఆ కమిషన్ ముందు కాగితాల్లో ఒకటిగా చేరవచ్చు. ఈ సంగతి తెలిసిన మేనేజర్ జవాబులో ఒక్క గంటను కూడా అంచనాగా రాయడు.

ఒక ఊహా సందర్భం తీసుకుందాం. విశాఖ బీచ్ రోడ్డులో ఒక త్రీ స్టార్ హోటల్. ఒక కుటుంబం ట్రావెల్ వెబ్‌సైట్ ద్వారా సముద్రం కనిపించే గది బుక్ చేసుకుని మే 16, శనివారం వచ్చింది. వాళ్ల ఫిర్యాదులో నాలుగు మాటలున్నాయి. గది కోసం మూడు గంటలు కూర్చోబెట్టారు. చివరికి ఊరివైపు గది ఇచ్చారు. రాత్రి ఏసీ ఆగిపోతే రెండింటిదాకా ఎవరూ పట్టించుకోలేదు. డబ్బు వాపసు అడిగితే కుదరదన్నారు.

ఇలాంటి ఫిర్యాదు రాగానే చాలా హోటళ్లు చేసే పని, ఆ పూట డ్యూటీలో ఉన్నవాళ్లను పిలిచి ఏం జరిగిందో చెప్పమనడం. అది రెండో పని కావాలి. మొదట చేయాల్సింది రికార్డులను భద్రపరచడం. అన్నిటికంటే ముందు సీసీ కెమెరా దృశ్యాలు కాపీ చేసుకోవాలి. డిస్కు నిండితే యంత్రం పాత దృశ్యాల మీద కొత్తవి రాసుకుంటూ పోతుంది. చాలా చోట్ల నెల తిరిగేసరికి పాతవి ఉండవు. ఫిర్యాదు శాఖ మీదుగా హోటలుకు చేరేసరికే కొన్ని వారాలు గడిచిపోతాయి. తరవాత రిసెప్షన్ కంప్యూటర్‌లోని బుకింగ్ వివరాలు, గది తాళం యంత్రంలో ఉండే కీకార్డు నమోదు, టెలిఫోన్ ఎక్స్ఛేంజి కాల్ జాబితా, మెయింటెనెన్స్ వాళ్ల జాబ్ కార్డు, డ్యూటీ మేనేజర్ లాగ్‌బుక్ తీయాలి. ఇన్నీ దగ్గర పెట్టుకున్నాక సిబ్బందిని అడిగితే వాళ్ల జ్ఞాపకం ఎక్కడ రికార్డుతో కలుస్తుందో, ఎక్కడ తప్పుతుందో తెలుస్తుంది.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఈ రికార్డులన్నీ ఒకే గడియారం చూసి రాసినవి కావు. ఈ ఉదాహరణలో సీసీ కెమెరా గడియారం ఆరు నిమిషాలు ముందుంది. గది తాళానికి సొంత గడియారం ఉంటుంది. నెట్‌వర్కుకు కలపని తాళాల్లో అది నెలల తరబడి కొంచెం కొంచెంగా జారుతూ ఉంటుంది. బ్యాటరీ మార్చాక సరిచేయకపోతే మొత్తంగా తప్పిపోవచ్చు. వెబ్‌సైట్ నుంచి వచ్చిన నమోదులు అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో ఉంటే వాటికి ఐదున్నర గంటలు కలిపితేనే మన సమయం వస్తుంది. జవాబు రాసేవాళ్లు ప్రతి యంత్రం ముందు సెల్‌ఫోన్ గడియారం పెట్టి ఎంత తేడా ఉందో రాసుకుని, అన్నిటినీ భారత ప్రామాణిక సమయానికి తేవాలి. ఇవాళ చూసిన తేడా ఆ రోజు కూడా అంతే ఉందని చెప్పలేం కాబట్టి, తేడాను ఏ తేదీన కొలిచారో కూడా జవాబులో రాయాలి.

వీటన్నిటికంటే ఎక్కువగా మోసం చేసేది నైట్ ఆడిట్. హోటల్ లెక్కల్లో రోజు అర్ధరాత్రికి మారదు. రాత్రి లెక్కలు చూసే ఉద్యోగి ఆ రోజు ఖాతాలు ముగించినప్పుడు మారుతుంది. ఈ హోటల్లో అది తెల్లవారుజామున మూడింటికి. ఆ కుటుంబానికి వేరే గది ఇచ్చింది మే 17 రాత్రి 1.35కి. కంప్యూటర్ మాత్రం దాన్ని మే 16 లెక్కలోనే చూపిస్తుంది. గుమాస్తా ఆ తేదీని, గంటను ఉన్నదున్నట్టు దించితే, అతిథి హోటలుకు రావడానికి పది గంటల ముందే ఆయన గది మార్చినట్టవుతుంది. ఇది చూసిన అధికారి మిగతా గంటలను మాత్రం ఎందుకు నమ్మాలి? రాత్రి జరిగిన ప్రతి సంఘటనకూ ‘మే 16 అర్ధరాత్రి దాటాక, అంటే మే 17’ అని విడమరిచి రాయడం ఒక్కటే దీనికి మందు.

గడియారాలు కలిపాక ఆ శనివారం ఇలా తేలింది. కుటుంబం రిసెప్షన్‌కు వచ్చింది మధ్యాహ్నం 12.05కి. కీకార్డు ఇచ్చింది 2.50కి. అంటే వాళ్లు కూర్చున్నది రెండు గంటల నలభై ఐదు నిమిషాలు. ‘మూడు గంటలు’ అనడం పెద్ద అతిశయోక్తేమీ కాదు. అయితే బుకింగ్ కాగితం ప్రకారం గది ఇవ్వాల్సిన సమయం రెండు గంటలు. కాబట్టి హోటల్ ఆలస్యం యాభై నిమిషాలు. ఈ రెండు లెక్కలూ జవాబులో ఉండాలి. యాభై నిమిషాలే అని రాసి ఊరుకుంటే దాచినట్టు, మూడు గంటలని ఒప్పుకుంటే లేని తప్పు నెత్తిన వేసుకున్నట్టు.

ఊరివైపు గది సంగతిలో రికార్డు హోటలుకు అనుకూలంగా లేదు. బుకింగ్ కాగితంలో సముద్రం వైపు అని స్పష్టంగా ఉంది. అతిథి ఒప్పుకున్నాకే వేరే గది ఇచ్చానని రిసెప్షన్ ఉద్యోగి చెబుతున్నాడు. సంతకం లేదు, లాగ్‌బుక్‌లో మాట లేదు. ఇలాంటి చోట ‘అతిథి అంగీకారంతోనే’ అని రాయడం సిబ్బంది మాటను నిజంగా చూపించడమే. రాయాల్సిన తీరు వేరు:

‘సముద్రం వైపు గది ఆ సమయానికి ఖాళీ కాలేదు. నాలుగో అంతస్తులో ఊరివైపు గది ఇవ్వడమైనది. ఇందుకు ఫిర్యాదుదారు మౌఖికంగా అంగీకరించారని విధుల్లో ఉన్న ఉద్యోగి తెలిపారు. రాతపూర్వక ఆధారం హోటల్ వద్ద లేదు.’

ఇందులో మూడు రకాల వాక్యాలున్నాయి. మొదటి రెండింటికీ రికార్డు ఉంది. మూడోది ఒకరు చెప్పిన మాట. నాలుగోది లేనిదాన్ని లేదని చెప్పడం. మంచి కాలక్రమంలో ఈ తేడా అడుగడుగునా కనిపిస్తుంది. ప్రతి గంట పక్కనా అది ఎక్కడి నుంచి తీసుకున్నదో ఉంటుంది.

ఏసీ విషయంలో అసలు ప్రశ్న అది ఎప్పుడు ఆగిందన్నది కాదు, హోటలుకు ఎప్పుడు తెలిసిందన్నది. గది ఫోన్ నుంచి రిసెప్షన్‌కు కాల్ వచ్చింది రాత్రి 11.18కి. జాబ్ కార్డు తెరిచింది 12.25కి. మెకానిక్ గదికి వచ్చింది 12.40కి. కంప్రెసర్ పనిచేయడం లేదని తేలాక 1.35కి వేరే గది ఇచ్చారు. మెకానిక్ పదిహేను నిమిషాల్లో వచ్చాడన్నది నిజమే, కానీ ఆ ఒక్క మాటే రాస్తే జవాబు మొత్తం తప్పుదోవ పట్టించేదవుతుంది. కాల్‌కూ కార్డుకూ మధ్య అరవై ఏడు నిమిషాలు ఏం జరిగిందో ఏ రికార్డులోనూ లేదు. ఆ ఖాళీని ఖాళీగానే చూపించాలి. ‘ఈ వ్యవధిలో తీసుకున్న చర్యకు నమోదు లేదు’ అన్న వాక్యం రాయడం మేనేజరుకు కష్టమే. కానీ అతిథి దగ్గర ఆ కాల్ ఆధారమో ఫోన్‌లో తీసిన వీడియోనో ఉంటే, దాచిన ఖాళీ వల్ల ఇంకా ఎక్కువ నష్టం.

నమోదు లేకపోవడం హోటల్ మీదికే వస్తుందని చెప్పే తీర్పు ఒకటుంది. 1998 ఆగస్టు 1 రాత్రి ఢిల్లీ తాజ్‌మహల్ హోటలుకు వచ్చిన ఒక అతిథి పదకొండింటి ప్రాంతంలో కారు తాళాలు పార్కింగ్ సిబ్బందికి ఇచ్చాడు. ఒంటిగంట ప్రాంతంలో బయటికి వచ్చేసరికి కారును ఎవరో తీసుకుపోయారు. పార్కింగ్ చీటీ మీద బాధ్యత యజమానిదేనని అచ్చువేసి ఉంది. 2019 నవంబరులో సుప్రీంకోర్టు ఆ షరతు చాటున హోటల్ తన సొంత నిర్లక్ష్యం నుంచి తప్పించుకోలేదని చెప్పింది. కారును తన స్వాధీనంలోకి తీసుకున్న హోటలే ఏం జరిగిందో వివరించాలని కూడా స్పష్టం చేసింది. అచ్చువేసిన షరతులను జవాబు నిండా ఎత్తిరాసే హోటళ్లు ఈ తీర్పును గుర్తుంచుకోవడం మంచిది.

కాలక్రమం తరవాత డబ్బు సంగతి రావాలి. రెండు రకాల గదులకూ రేట్లు 6,200, 4,700 రూపాయలనుకుంటే తేడా 1,500. దానిపై ఐదు శాతం జీఎస్టీ 75 రూపాయలు కూడా వాపసు ఇవ్వాలి. అది మరిచిపోయే హోటళ్లు తక్కువేం కాదు. వెబ్‌సైట్ ద్వారా కట్టిన డబ్బు వెబ్‌సైట్ మీదుగానే వెనక్కి వెళ్తుందా, నేరుగా బ్యాంకు ఖాతాకు వెళ్తుందా, పంపిన తేదీ ఏమిటి, లావాదేవీ నంబరు ఎంత అన్నవి జవాబులో ఉండాలి. ఏసీ లేని రాత్రికి ఎంత తగ్గించాలన్నది హోటల్ నిర్ణయం. ఎంత ఇచ్చినా ఎందుకు అంతే ఇచ్చిందో ఒక వాక్యంలో చెప్పాలి. ‘తగిన చర్యలు తీసుకోవడమైనది’ అన్న వాక్యానికి తేదీ, పేరు, పని ఏదీ ఉండదు. దాన్ని చదివిన అధికారి చాలాసార్లు రెండో లేఖ పంపుతారు. కంప్రెసర్ మార్చిన తేదీ, రాత్రి కాల్స్‌ను వెంటనే కార్డులోకి ఎక్కించేలా చేసిన మార్పు రాస్తే ఆ అవసరం రాదు.

జవాబులో ఉండకూడనివీ కొన్ని ఉన్నాయి. ముప్పై ఏళ్లుగా పేరున్న హోటల్ అన్న పొగడ్త, ఇతర అతిథులు ఇచ్చిన మంచి మార్కులు ఆ శనివారం గురించి ఏమీ చెప్పవు. అతిథి గట్టిగా అరిచాడన్నది కూడా అంతే, దానివల్ల గది ఇవ్వడం ఆలస్యమై ఉంటే తప్ప. సముద్రం వైపు గదిని ఆలస్యంగా ఖాళీ చేసిన మరో అతిథి పేరు, ఫోన్ నంబరు బయటపెట్టకూడదు. ఫిర్యాదుదారు గుర్తింపు కార్డు నకలు జతచేయాల్సిన పని కూడా లేదు. లాబీ దృశ్యాల్లో ఇతరుల ముఖాలు కనిపిస్తాయి కాబట్టి దృశ్యాలు భద్రంగా ఉన్నాయని, శాఖ అడిగితే చూపిస్తామని రాస్తే సరిపోతుంది.

జవాబు పైన శాఖ లేఖ సంఖ్య, తేదీ, విషయం ఉంటాయి. అడుగున నిర్ణయాలు తీసుకునే అధికారం ఉన్నవారి సంతకం, జతపరచిన కాగితాల జాబితా ఉంటాయి. ఫిర్యాదుదారుకు ఒక ప్రతి పంపితే, పంపినట్టు అందులోనే రాయాలి. రికార్డుల అసలు ప్రతులు, గడియారాల తేడా రాసుకున్న కాగితం హోటల్ ఫైల్లో కనీసం ఆ రెండేళ్ల గడువు తీరేదాకా ఉండాలి. ఈలోగా కేసు నమోదైతే అది తేలేదాకా అలాగే ఉంచాలి.