మూసేసిన కార్డుకు వచ్చిన రీఫండ్ ఎక్కడికి పోతుంది?

విజయవాడలో ఉండే మా పిన్ని నిరుడు జూన్ 28న ఆన్‌లైన్‌లో రూ.18,990 పెట్టి వాషింగ్ మెషీన్ కొంది. క్రెడిట్ కార్డుతో కట్టింది. మెషీన్ నచ్చక జూలై 4న వాపసు ఇచ్చేసింది. ఈలోగా, ఏటా ఫీజు ఎందుకని, బాకీ అంతా కట్టి 7వ తేదీన ఆ కార్డును మూయించేసింది. 16న దుకాణం నుంచి మెసేజ్ వచ్చింది: 'మీరు కట్టిన కార్డుకే రీఫండ్ పంపాం.'

బ్యాంకుకు ఫోన్ చేస్తే, "ఆ కార్డు క్లోజ్ అయిపోయిందండీ, మాకేమీ కనిపించడం లేదు" అన్నారు. దుకాణాన్ని అడిగితే, "మా వైపు నుంచి వెళ్లిపోయింది మేడమ్" అన్నారు. పది రోజులు పిన్నికి కంటి మీద కునుకు లేదు.

ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. రీఫండ్ నడిచే దారి తెలిస్తే ఆ సంగతి అర్థమవుతుంది. దుకాణం రీఫండ్ ఇవ్వగానే ఆ సమాచారం ముందు దుకాణం తరఫు బ్యాంకుకు, అక్కడి నుంచి వీసా, మాస్టర్‌కార్డ్, రూపే వంటి నెట్‌వర్క్‌కు వెళ్తుంది. కార్డు నంబరులోని మొదటి అంకెలు ఆ కార్డు ఏ బ్యాంకుదో చెబుతాయి. వాటిని బట్టి నెట్‌వర్క్ ఆ సొమ్మును మన బ్యాంకుకు చేరుస్తుంది. అంటే డబ్బు వెళ్లేది ప్లాస్టిక్ ముక్కలోకి కాదు, ఆ కార్డు ఇచ్చిన బ్యాంకుకు.

అందుకే గడువు తీరిన కార్డు విషయంలో సాధారణంగా ఇబ్బంది ఉండదు. డెబిట్ కార్డు మన ఖాతాకు తాళంచెవి లాంటిది. తాళంచెవి మారినా ఇల్లు అదే. పాత నంబరు ఏ ఖాతాదో బ్యాంకు రికార్డుల్లో ఉంటుంది కాబట్టి సొమ్ము ఆ ఖాతాలో పడుతుంది. క్రెడిట్ కార్డు గడువు తీరి కొత్తది వచ్చినా అంతే.

చిక్కంతా ఖాతానే మూసేసినప్పుడు వస్తుంది. అప్పుడు బ్యాంకు ముందు రెండు దారులుంటాయి. మూసిన కార్డు ఖాతాలోనే ఆ మొత్తాన్ని మీ పేరిట జమగా రాసి ఉంచవచ్చు. లేదా, ఎవరిదో తేలని సొమ్మును ఉంచే తాత్కాలిక పద్దులో పెట్టి, ఆపైన దుకాణం బ్యాంకుకు తిప్పి పంపవచ్చు. తిరిగి వెళ్లిన సొమ్మును దుకాణం మీ బ్యాంకు ఖాతాకు నేరుగా వేయాలి. రెండు సందర్భాల్లోనూ డబ్బు మాయం కాదు. కానీ అడిగేవాళ్లు లేకపోతే అక్కడే ఉండిపోతుంది.

వెతికి పట్టుకునే ఆధారం ఏఆర్ఎన్ అనే 23 అంకెల నంబరు. దుకాణం బ్యాంకు రీఫండ్‌ను నెట్‌వర్క్‌కు పంపినప్పుడు ఇది పుడుతుంది. మొదటి అంకె తర్వాతి ఆరు అంకెలు దుకాణం బ్యాంకును, ఆ తర్వాతి నాలుగు తేదీని చెబుతాయి. పిన్ని నంబరులో ఆ నాలుగు అంకెలు 5197. అంటే 2025లో 197వ రోజు, జూలై 16. దుకాణం చెప్పింది నిజమేనని దానితోనే తేలింది. ఏఆర్ఎన్ ఇవ్వలేకపోతే మాత్రం, 'రీఫండ్ ఇచ్చాం' అన్న మాట ఇంకా దుకాణం గడప దాటలేదేమోనని అనుమానించాలి.

పిన్ని ఏఆర్ఎన్, మొత్తం, తేదీ, పాత కార్డు చివరి నాలుగు అంకెలు రాసి బ్యాంకుకు ఈమెయిల్ పెట్టింది. కస్టమర్ కేర్ వారి తెరపై కనిపించని సొమ్ము, కార్డుల విభాగం వెతికితే మూసిన ఖాతాలోనే జమగా దొరికింది. రద్దు చేసిన చెక్కు కాపీ తీసుకుని నెఫ్ట్ ద్వారా ఆమె పొదుపు ఖాతాకు పంపారు.

ఇది బ్యాంకు చేసిన ఉపకారం కాదు. క్రెడిట్ కార్డు ఖాతా మూశాక అందులో మిగిలిన జమను కార్డుదారు బ్యాంకు ఖాతాకు బదిలీ చేయాలని, ఖాతా వివరాలు తమ దగ్గర లేకపోతే అడిగి తీసుకోవాలని రిజర్వు బ్యాంకు 2022లో ఇచ్చిన ఆదేశాల్లోనే ఉంది. ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా cms.rbi.org.in లో అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దానికి రుసుము లేదు.

ఒక్క జాగ్రత్త. ఇలా వెతుక్కునే వాళ్ల కోసం మోసగాళ్లు కాచుకుని ఉంటారు. 'మీ రీఫండ్ ఆగిపోయింది, ఓటీపీ చెప్పండి' అని ఎవరైనా అంటే వెంటనే ఫోన్ పెట్టేయండి. డబ్బు మన ఖాతాలో పడటానికి ఓటీపీ గానీ, పిన్ గానీ అక్కర్లేదు.

ఇక కార్డు మూయించాలనుకుంటే, వాపసు ఇచ్చిన వస్తువులు, రద్దు చేసిన టికెట్ల డబ్బు అంతా వచ్చిందో లేదో ముందు చూసుకోండి. ఏదైనా రావాల్సి ఉంటే అది వచ్చేదాకా ఆగి, ఆ తర్వాతే మూయించండి.