నెలకి వెయ్యి రూపాయలకి వెబ్‌సైట్ చూసుకుంటే ఎంత మిగులుతుంది? | మెయింటెనెన్స్ ప్లాన్ లెక్క

ఈ ఎపిసోడ్ వెబ్‌సైట్లు, యాప్‌లు చేసిచ్చి, ఆ తర్వాత "నెలనెలా చూసుకుంటాను" అని మాటిచ్చేవాళ్ల కోసం. ఆ మాటకి రేటు ఎలా కట్టాలో నా లెక్కతోనే చెప్తాను, ఎందుకంటే ముందు తప్పు చేసింది నేనే.

నేను ఉండేది చీపురుపల్లి. క్లయింట్లు ఎక్కువమంది విజయనగరంలో, ఇద్దరు శ్రీకాకుళంలో. విజయనగరంలో ఒక బట్టల షాపుకి ఆర్డర్లు తీసుకునే వెబ్‌సైట్, దానికో ఆండ్రాయిడ్ యాప్ చేసిచ్చాను. అయిపోయాక ఓనర్ గారు "నెలకి వెయ్యి ఇస్తాం బాబూ, ఏదైనా ఉంటే చూసుకో" అన్నారు. నేను సరే అన్నాను. ఆ "ఏదైనా" అనే మాటే నన్ను ముంచేసింది.

దసరా నెల వచ్చింది. బ్యానర్ మార్చు, ఈ చీర ఫొటో తీసెయ్, రేటు తగ్గించు, ఆఫర్ పెట్టు. ఒక్కోటీ పది నిమిషాల పనే అనిపిస్తుంది. నెలాఖర్లో కూర్చుని కలిపితే 14 గంటలు. వెయ్యిని 14తో భాగిస్తే గంటకి 71 రూపాయలు! సరే, డబ్బులు పోతే పోయాయి. అసలు దెబ్బ తొలేళ్ల రోజున తగిలింది. పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి ముందు రోజు సోమవారం, షాపు ఫుల్ రష్. సైట్‌లో పేమెంట్ ఆగిపోయింది. నేను ట్రైన్‌లో ఉన్నాను, సిగ్నల్ లేదు. మూడు గంటల తర్వాత ఫోన్ చూస్తే పదిహేడు మిస్డ్ కాల్స్. "ఏటి బాబూ, డబ్బులిస్తున్నాం కదా, ఫోనెత్తవేటి?" అన్నారాయన. ఆయన కోపంలో తప్పులేదు. ఎంతసేపట్లో పలుకుతానో నేనెప్పుడూ చెప్పలేదు, ఆయన "వెంటనే" అనుకున్నారు.

ఇప్పుడు లెక్కకి వద్దాం. ముందు మన గంట రేటు తేలాలి. ఇంటికి నెలకి 30,000 కావాలి అనుకోండి. ఇంటర్నెట్, కరెంటు, టూల్స్, రేపు లాప్‌టాప్ పోతే కొత్తదానికి పక్కన పెట్టుకునేది కలిపి ఇంకో 6,000. మొత్తం 36,000. రోజుకి 6 గంటలు, నెలకి 25 రోజులు కూర్చుంటే 150 గంటలు కదా అని దాంతో భాగించేస్తారు చాలామంది. అక్కడే పప్పులో కాలేస్తారు. ఫోన్లు, ప్రయాణాలు, కొత్త పని వెతుక్కోవడం, ఇవ్వాల్సిన డబ్బుల కోసం తిరగడం, వీటికి ఎవరూ బిల్లు కట్టరు. నిజంగా బిల్లు వేయగలిగేది నాకైతే 80 గంటలు. 36,000ని 80తో భాగిస్తే గంటకి 450.

క్లయింట్‌కి నెలకి 4 గంటలు ఇద్దామనుకున్నాను. 4 ఇంటూ 450, అంటే 1,800 అని ఆగిపోకండి. అడిగినా అడగకపోయినా మనం చేసే పని ఒకటుంటుంది: బ్యాకప్ తీయడం, ఆ బ్యాకప్ తిరిగి తెరుచుకుంటుందో లేదో చూడడం, ప్లగిన్ అప్‌డేట్లు, ఒక టెస్ట్ ఆర్డర్ పెట్టి చూడడం. దానికి గంటన్నర పడుతుంది. మొత్తం ఐదున్నర గంటలు, 2,475 అవుతుంది. రౌండ్ చేసి 2,500. ఇది నా మామూలు ప్లాన్. జవాబు మర్నాడు పని రోజున.

రెండో ప్లాన్ 5,500. ఇందులో అడిగిన పనికి 8 గంటలు, మన రొటీన్‌కి 2 గంటలు, అంటే 4,500. మిగతా వెయ్యి దేనికి? వెయిటింగ్‌కి. ఆదివారంతో సహా ఉదయం 9 నుంచి రాత్రి 8 వరకు, సైట్ పడిపోతే రెండు గంటల్లో పలుకుతాను అని మాటిచ్చాను. అంటే నేను లాప్‌టాప్ లేకుండా పెళ్లికి వెళ్లలేను. ఏ పనీ రాకపోయినా నా టైమ్ కట్టేసి ఉన్నట్టే. దానికే ఆ వెయ్యి. నిజం చెప్పాలంటే అది కూడా తక్కువే, కానీ మా వైపు అంతకన్నా అడగలేకపోయాను.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా వినండి. రెండు గంటల్లో పలుకుతాను అంటే రెండు గంటల్లో బాగుచేస్తాను అని కాదు. పలకడం అంటే సమస్య చూశాను, పని మొదలుపెట్టాను అని చెప్పడం. పేమెంట్ గేట్‌వే వాళ్ల వైపే ఆగిపోతే మనం చేయగలిగేది తక్కువ. వాళ్లకి కంప్లైంట్ పెట్టి, సైట్‌లో క్యాష్ ఆన్ డెలివరీ ఆన్ చేయగలం, అంతే. అందుకే బాగుచేసే టైమ్‌కి మాటివ్వకండి. పెద్ద క్లౌడ్ కంపెనీల సపోర్ట్ ప్లాన్‌లు చూసినా ఎక్కువగా మొదటి జవాబు టైమే రాస్తారు, అదీ సమస్య ఎంత పెద్దదో దాన్ని బట్టి. నేనూ అలాగే రెండు రకాలు పెట్టాను. ఆర్డర్ పెట్టలేకపోతే, డబ్బు కట్టలేకపోతే అర్జెంట్. బ్యానర్ ఎంత పెద్దదైనా అర్జెంట్ కాదు. ఇంకోటి, గడియారం ఎక్కడ మొదలవుతుందో కూడా రాయాలి. ఒకే వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్ పడినప్పటి నుంచి. మా తమ్ముడికి ఫోన్ చేసి చెప్తే లెక్కకి రాదు.

గంటలు ఎలా కొలుస్తాను? ప్రతి పనికి టైమర్ పెట్టి 15 నిమిషాల లెక్కన రౌండ్ చేస్తాను. మూడు గంటలు దాటగానే "ఇంకా ఒక గంట ఉందండీ" అని మెసేజ్ పెడతాను. నెలాఖర్లో చెప్తే గొడవే. పైన పడే గంటకి 550, అదీ వాళ్లు ఓకే అన్నాకే మొదలుపెడతాను. మిగిలిన గంటలు తర్వాతి ఒక్క నెలకే వెళ్తాయి. అలా కాకుండా పోగుచేయనిస్తే, ఆర్నెల్ల గంటలన్నీ దసరా వారంలోనే అడుగుతారు.

యాప్ ఉన్నవాళ్లకి ఇంకో చిక్కు ఉంది. గూగుల్ ప్లే దాదాపు ప్రతి ఏడాదీ యాప్ ఏ ఆండ్రాయిడ్ వెర్షన్‌ని టార్గెట్ చేయాలో పెంచుతుంది. 2025 ఆగస్టు 31 నుంచి కొత్త అప్‌డేట్ పెట్టాలంటే కనీసం ఇలా ఉండాలని రూల్ పెట్టింది:

```
targetSdk = 35
```

చూడ్డానికి ఒక్క లైనే. కానీ అది మార్చగానే స్క్రీన్ పైభాగం స్టేటస్ బార్ కిందకి వెళ్లిపోవచ్చు, పాత లైబ్రరీలు ఆగిపోవచ్చు. అన్నీ టెస్ట్ చేసేసరికి రెండు మూడు రోజులు పట్టొచ్చు. ఇది నెలకి 4 గంటల్లో ఇమడదు. అందుకే ఏడాదికి ఒకసారి, వేరే రేటు అని ప్లాన్‌లోనే రాశాను. డొమైన్, హోస్టింగ్ కూడా ప్లాన్‌లో కలపను. అవి క్లయింట్ పేరు మీద, క్లయింట్ కార్డు మీద ఉండాలి.

మరి ఎంతమందిని తీసుకోవచ్చు? ఐదున్నర గంటల చొప్పున 80 గంటల్లో 14 మంది పడతారు. నేను 10 దగ్గర ఆపాను, ఎందుకంటే పండగ అందరికీ ఒకేసారి వస్తుంది. పది మందికి 55 గంటలు, 25,000. మిగిలిన 25 గంటలు కొత్త పనికి, 450 చొప్పున 11,250. 36,000 దాటింది కదా, సరిపోయింది.

ఆ బట్టల షాపు ఓనర్ గారికి ఈ ప్లాన్లు, దాంతోపాటు ఆ 14 గంటల లిస్టు చూపించాను. లిస్టు చదివి కాసేపు మాట్లాడలేదు. తర్వాత మామూలు రోజుల్లో 2,500 ప్లాన్, దసరా, సంక్రాంతి నెలలకి మాత్రం 5,500 ప్లాన్ అడిగారు. నాకది తట్టలేదు. ఇప్పుడు ఇంకో ముగ్గురికి అలాగే ఇచ్చాను, నెల మార్పు పదిహేను రోజుల ముందు చెప్పాలి అనే షరతుతో.