ఓటీపీ వచ్చింది, యాప్‌కే కనపడలేదు

తెనాలిలో ఉండే మా పిన్ని బ్యాంకు యాప్‌ని మూణ్నాలుగు నెలలకోసారి తెరుస్తుంది. ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ పడిందో లేదో చూసుకోవడానికే తప్ప దానితో ఆవిడకి వేరే పని లేదు. ఈమధ్య నేను వెళ్లినప్పుడు ఆ పనిలోనే ఉంది. తెర మీద ఆరు ఖాళీ గళ్లు, వాటి కింద గిరగిరా తిరిగే చక్రం, ‘ఓటీపీని ఆటోమేటిక్‌గా గుర్తిస్తున్నాం’ అనే మాట. ఫోను టింగుమంది. మెసేజ్ పైనుంచి తొంగిచూసి వెళ్లిపోయింది. గళ్లు మాత్రం ఖాళీగానే ఉన్నాయి.

“ఏమిట్రా ఇది? మెసేజ్ వచ్చింది కదా, దానికి కనపడదా?” అంది పిన్ని.

అరనిమిషం చూసి ‘రీసెండ్’ నొక్కింది. ఇంకో అంకె వచ్చింది. ఈలోగా మెసేజ్‌లలోకి వెళ్లి, మొదటి అంకెని క్యాలెండర్ వెనక రాసుకుని వచ్చి కొట్టింది. తప్పంది యాప్. చాలా యాప్‌లలో కొత్త ఓటీపీ పుట్టగానే పాతది చచ్చిపోతుంది. ఆ సంగతి తెలియక మళ్లీ రీసెండ్, మళ్లీ పాత అంకె. మూడోసారికి రేపు రమ్మని యాప్ తలుపేసేసింది.

అసలు యాప్‌కి మన మెసేజ్ ఎలా కనపడుతుంది? ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇందుకు ముఖ్యంగా మూడు దారులున్నాయి. వాటిలో పర్మిషన్ అడిగేది ఒక్కటే.

అది అందరికీ తెలిసిన పాతదారి. ‘ఎస్ఎంఎస్‌లు పంపడానికి, చూడటానికి అనుమతిస్తారా?’ అని యాప్ అడుగుతుంది, మనం సరేనంటాం. అలా సరేనన్నాక అది ఆ ఒక్క ఓటీపీతో ఆగాలని లేదు. ఇన్‌బాక్సంతా చదవగలదు. జీతం పడిన మెసేజ్, ఇంకో బ్యాంకు ఓటీపీ, డాక్టరు అపాయింట్‌మెంటు, అన్నీ. ఫోను సెట్టింగుల్లో మనకి కనపడేది ‘SMS’ అనే ఒక్క వరసే. చదవడం, అందుకోవడం, పంపడం మూడూ దాని కిందే ఉంటాయి. చదవడానికి ఒప్పుకుని పంపడానికి ఒప్పుకోకుండా ఉండే వీలు మనకివ్వలేదు. అందుకే గూగుల్ 2018 అక్టోబరులో నిబంధన బిగించింది. ప్లే స్టోర్‌లోని యాప్‌లు ఈ పర్మిషన్ అడగాలంటే మెసేజింగే వాటి అసలు పనై ఉండాలి, లేదా గూగుల్ ఒప్పుకున్న కొద్దిపాటి మినహాయింపుల్లోకి రావాలి. డబ్బు లావాదేవీల యాప్‌లు కొన్ని ఆ మినహాయింపు కిందే ఇంకా అడుగుతున్నాయి.

పిన్ని యాప్ ఆ రకానిదే. సెట్టింగుల్లో యాప్ పేరు మీద నొక్కి Permissions తెరిచాను. ‘Not allowed’ అన్న శీర్షిక కింద SMS కూర్చుని ఉంది. పిన్ని ఒట్టు పెట్టుకుంది, తను ఎప్పుడూ తీసెయ్యలేదని. నిజమే, తీసేసింది ఫోనే. ఆండ్రాయిడ్ 11 నుంచి ఒక ఏర్పాటుంది. సుమారు మూడు నెలలు ఏ యాప్‌నైనా తెరవకపోతే, దానికి మనమిచ్చిన పర్మిషన్లని ఫోను తనంతట తనే వెనక్కి తీసుకుంటుంది. 2021 డిసెంబరు నుంచి ఇది పాత ఆండ్రాయిడ్ ఫోన్లకీ పాకింది. తీసేసినట్టు ఒక చిన్న కబురు కూడా పంపుతుంది. కరెంటు బిల్లు కబురు, వాతావరణం కబురు, దాని పక్కన ఇదీ. పిన్ని అన్నిటినీ ఒక్క తుడుపు తుడిచేస్తుంది.

మరి తెరిచినప్పుడు యాప్ మళ్లీ అడగాలి కదా? అడిగింది. సైబర్ దొంగల గురించి టీవీలో రోజూ చూస్తున్న పిన్ని ‘వద్దు’ అని నొక్కింది. ఇంకోసారి అడిగింది, ఇంకోసారి వద్దంది. ఆండ్రాయిడ్ 11 తర్వాతి ఫోన్లలో రెండుసార్లు వద్దంటే ఇక ఆ ప్రశ్న మళ్లీ రాదు. యాప్ అడిగినా ఫోను తెర మీద చూపించదు. మనసు మార్చుకుంటే సెట్టింగుల్లోకి వెళ్లి మనమే ఇవ్వాలి. ఇందులో పిన్ని తప్పు నాకు కనపడదు, ఫోను తప్పూ కనపడదు. పర్మిషన్ ఉందో లేదో చూసుకోకుండా ‘గుర్తిస్తున్నాం’ అని చక్రం తిప్పినవాళ్ల మీదే నా కోపం. కళ్లు మూసుకున్నవాడు వెతుకుతున్నట్టు నటించడం కదా అది!

కొన్ని కంపెనీల ఫోన్లలో ఇంకో తిరకాసు ఉంది. అక్కడ బ్యాంకులు, సంస్థలు పంపే సర్వీసు మెసేజ్‌లకి విడిగా మరో పర్మిషన్ వరస పెట్టారు. పైన SMS కి ‘అనుమతించాం’ అని ఉన్నా, కిందెక్కడో ఉన్న ఆ రెండోది మూసి ఉంటే యాప్‌కి మన స్నేహితుల మెసేజ్‌లు కనపడతాయి గానీ ఓటీపీ కనపడదు.

రెండో దారికి పర్మిషన్ అక్కర్లేదు. అందుకే దాని సంగతి చాలామందికి తెలియదు. మీకొచ్చిన ఓటీపీ మెసేజ్‌లు కొన్ని తీసి చివరి వరస చూడండి. కొన్నింటిలో అర్థం లేని పదకొండు అక్షరాలు ఉంటాయి, ఇలా:

```
<#> 482913 is your OTP. Do not share it.
FA+9qCX9VSu
```

చెత్తలా కనపడే ఆ చివరి ముక్క నిజానికి చిరునామా. యాప్ అసలు పేరునీ, దాన్ని తయారుచేసినవాళ్లు వేసిన డిజిటల్ ముద్రనీ కలిపి లెక్కగట్టి తీసిన గుర్తు అది. మెసేజ్ రాగానే ఫోనులోని గూగుల్ ప్లే సర్వీసెస్ ఆ గుర్తుని చూసి, ‘ఇది ఫలానా యాప్‌ది’ అని ఆ ఒక్క మెసేజ్‌ని ఆ ఒక్క యాప్‌కే అందిస్తుంది. మిగతా ఇన్‌బాక్సు జోలికి యాప్ వెళ్లదు. పోస్ట్‌మ్యాన్ మన ఉత్తరం మనకిచ్చి పోయినట్టు. మెసేజ్ 140 బైట్లు దాటకూడదు, యాప్ చెవి ఒగ్గిన ఐదు నిమిషాల్లోపు రావాలి. టవర్ సరిగా లేని ఊళ్లో ఆరో నిమిషంలో వస్తే యాప్ దాన్ని పట్టించుకోదు.

ఇక్కడ వైఫల్యం మన చేతిలో ఉండదు. మాదాపూర్‌లో యాప్‌లు తయారుచేసే మిత్రుడొకడు తన పరువు పోయిన రోజు గురించి చెప్పాడు. వాడి ఫోనులో ఓటీపీ చక్కగా నిండేది. ప్లే స్టోర్‌లో పెట్టాక ఒక్కరికీ నిండలేదు. కారణం ముద్ర. వాడు పరీక్షించిన యాప్ మీద ఉన్నది వాడి ముద్ర. స్టోర్ నుంచి జనానికి వెళ్లేదాని మీద గూగుల్ వేసే ముద్ర వేరు. ముద్ర మారితే పదకొండు అక్షరాలూ మారతాయి. మెసేజ్‌లో మాత్రం పాతవే వెళ్తున్నాయి. దిద్దడానికి వాడికి ఐదు నిమిషాలు చాలు. కానీ మనదేశంలో సంస్థలు పంపే మెసేజ్‌ల నమూనాని ట్రాయ్ నిబంధనల ప్రకారం టెలికం కంపెనీల డీఎల్‌టీ వేదికలో ముందే నమోదు చెయ్యాలి. నమోదైన నమూనాకి పొంతన లేని మెసేజ్‌ని నెట్‌వర్క్ దాటనివ్వదు. ఆ పదకొండు అక్షరాలు నమూనాలో భాగం కాబట్టి మళ్లీ దరఖాస్తు, మళ్లీ ఆమోదం. అన్నాళ్లూ జనం తమ ఫోన్లలో పర్మిషన్లు వెతుక్కుంటూ కూర్చున్నారని వాడే నవ్వాడు.

మూడో దారిలో తెర అడుగు నుంచి ఒక పలక పైకొస్తుంది. వచ్చిన మెసేజ్‌ని చూపించి, ‘దీన్ని ఈ యాప్ చదవొచ్చా?’ అని అడుగుతుంది. ఒప్పుకుంటే ఆ ఒక్కటే ఇస్తుంది. పంపినవారి నంబరు మీ కాంటాక్టుల్లో సేవ్ అయి ఉంటే మాత్రం ఆ పలక రాదు. సొంతవాళ్ల మెసేజ్‌లు యాప్‌ల చేతిలో పడకూడదని పెట్టిన అడ్డు అది.

ఐఫోన్ వాళ్లకి ఈ గొడవలేవీ లేవు. అక్కడ ఏ మామూలు యాప్‌కీ ఇన్‌బాక్సు చదివే పర్మిషన్ అసలు లేదు. 2018లో వచ్చిన ఐఓఎస్ 12 నుంచి అంకెని ఫోనే చదివి కీబోర్డు పైన చూపిస్తుంది, మనం తాకితే గళ్లలో పడుతుంది.

మీ యాప్ ఏ దారిదో తెలుసుకోవడం కష్టమేం కాదు. Permissions తెరవండి. SMS అనే వరస ఉంటే, ఇచ్చినా ఇవ్వకపోయినా, అది పర్మిషన్ దారి యాప్ అయ్యుండొచ్చు. ఆ వరసే లేకపోతే మీరివ్వగలిగింది ఏమీ లేదు. మెసేజ్ చివర పదకొండు అక్షరాలు ఉన్నాయేమో చూడండి. ఉండీ నిండలేదంటే ప్లే సర్వీసెస్‌నీ యాప్‌నీ అప్‌డేట్ చేసి చూడొచ్చు. ఆ యాప్ ఎక్కడినుంచి వచ్చిందో కూడా ఓసారి ఆలోచించండి. అసలు యాప్‌ని విప్పి, మార్చి, మళ్లీ కట్టిన నకలుకి ముద్ర వేరుగా ఉంటుంది. దానికి ఈ దారిలో ఓటీపీ అందదు.

నకళ్ల గురించి ఎందుకంటున్నానంటే, వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ పేరుతోనో, ట్రాఫిక్ చలానా పేరుతోనో వచ్చే ఏపీకే ఫైళ్లు ఇన్‌స్టాల్ కాగానే అడిగేది సరిగ్గా ఈ SMS పర్మిషనే. శుభలేఖకి మన మెసేజ్‌లతో ఏం పని? మన నంబరుకొచ్చే ఓటీపీని మనకన్నా ముందు దొంగకి చేర్చడానికి. ఇలాంటివి ఎక్కువై, ప్లే స్టోర్ బయటినుంచి వచ్చి మెసేజ్‌లు చదివే పర్మిషన్ కోరే యాప్‌లని ఇన్‌స్టాల్ కాకుండా ఆపే ప్రయోగాన్ని గూగుల్ 2024లో మనదేశానికీ తెచ్చింది. ఆండ్రాయిడ్ 15లో అలాంటి యాప్‌లకి SMS పర్మిషన్ ఇవ్వబోతే, భద్రత కోసం ఈ సెట్టింగు అందుబాటులో లేదని ఫోనే అడ్డుకుంటుంది. ఆ అడ్డుని తీసే పద్ధతి ఎవరైనా ఫోన్లో చెప్తూ ఉంటే, ఫోను పెట్టెయ్యండి.

మర్నాడు పిన్ని యాప్ తలుపు తెరుచుకుంది. SMS ఇచ్చెయ్యనా అని అడిగాను. స్టోర్ నుంచి వచ్చిన బ్యాంకు సొంత యాప్ కాబట్టి ఇచ్చినా పెద్ద భయం లేదు. ఫోనో సిమ్మో మారిస్తే ఎలాగూ ఇవ్వాలి. ఆ నంబరు ఆ ఫోనులోనే ఉందని రుజువు కోసం యాప్ మన సిమ్ నుంచి బ్యాంకుకి ఒక మెసేజ్ పంపుతుంది. రీచార్జి అయిపోయి ఉంటే అక్కడా ఆగుతుంది. మూడు నెలల గండం తప్పించాలంటే, అదే పేజీ అడుగున ఉండే Pause app activity if unused అన్న మీటని ఆపితే చాలు.

పిన్ని ఒప్పుకోలేదు. “ఏడాదికి నాలుగుసార్లకి నా మెసేజ్‌లన్నీ దాని చేతిలో పెట్టాలా?” అంది. అయితే ఇంకో పని చెప్పాను. మెసేజ్ పైనుంచి దిగినప్పుడు దాని కిందే అంకెని కాపీ చేసే మీట ఉంటుంది, అది నొక్కి, గళ్ల మీద వేలుంచి పేస్ట్ చెయ్యమన్నాను. రెండుసార్లు చేసి చూసింది, వచ్చింది. మూడోసారి ఓటీపీ రాగానే క్యాలెండర్ తిప్పి పెన్ను తీసింది. రాసుకుంది, ఒక్కో అంకె పైకి చదువుకుంటూ కొట్టింది. వడ్డీ పడింది.