ఉద్యోగంలో చేరే రోజున చూపవలసిన అసలు పత్రాలు

మీలో చాలామంది ఏదో ఒక పని చేసుకుంటూనే ఈ డిగ్రీ చదువుతున్నారు. అయినా ప్రభుత్వ కార్యాలయంలో మొదటిసారి చేరేటప్పుడు ఎదురయ్యే పత్రాల పరిశీలన మీకు కొత్తగానే ఉంటుంది. తెలంగాణలోని ఒక జిల్లా కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా నియమితురాలైన సరళ అనే అభ్యర్థిని ఊహించుకుందాం. ఆమె సార్వత్రిక విశ్వవిద్యాలయంలో బి.ఎ. పూర్తిచేసింది, వివాహిత. ఆమె సంచిలో ఏ పత్రాలు ఉండాలో, సెక్షన్ సూపరింటెండెంటు ఒక్కొక్కదానిలో ఏమి వెతుకుతారో చూద్దాం.

సరళ ముందుగా నియామక ఉత్తర్వు ఇస్తుంది. చేరడానికి గడువు ఎన్ని రోజులో, ఏ షరతులున్నాయో అందులోనే ఉంటుంది. దానితోపాటు చేరిక నివేదిక రాసివ్వాలి. అందులో తేదీతోపాటు పూర్వాహ్నమా, అపరాహ్నమా అన్నది కూడా రాస్తారు. అపరాహ్నం చేరినవారికి జీతం మరునాటి నుంచి లెక్కకు వస్తుంది. బస్సు ఆలస్యమైతే పోయేది ఒక రోజు జీతమే కావచ్చు, కానీ ఆ తేదీ సర్వీసంతా మీ వెంట ఉంటుంది. అందువల్ల ముందురోజు సాయంత్రానికే ఆ ఊరు చేరుకోవడం మంచిది.

తరువాత చూసేది పదో తరగతి మెమో. మిగతా పత్రాలన్నిటికన్నా దీనిమీదే ఎక్కువసేపు ఆగుతారు. మీ పేరుమీద తెరిచే సర్వీస్ రిజిస్టర్ మొదటి పేజీలో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఈ మెమో చూసే రాస్తారు. మెమోలో పుట్టుమచ్చల వివరాలు ఉంటే వాటిని కూడా గుర్తింపు చిహ్నాలుగా ఎక్కిస్తారు. కుడి మోచేతి మీద మచ్చ చూపించమని అడిగితే ఆశ్చర్యపోకండి. మెమోలో ఉన్న మనిషీ ఎదురుగా నిలబడిన మనిషీ ఒకరేనా అని తేల్చుకోవడానికి అదొక పాత పద్ధతి.

పుట్టిన తేదీ విషయంలో ఇంత పట్టుదల దేనికంటే, పదవీ విరమణ తేదీ దానినుంచే వస్తుంది. తెలంగాణలో విరమణ వయస్సు 61 సంవత్సరాలు, ఆంధ్రప్రదేశ్‌లో 62. సరళ మెమోలో పుట్టిన తేదీ 1-6-1998 అని ఉంది. ఇంట్లోవాళ్ళు ఆమె కార్తీకమాసంలో పుట్టిందంటారు. బడిలో చేర్చేటప్పుడు మాస్టారు జూన్ 1 అని రాసుకోవడం మన పల్లెల్లో ఎంత మామూలో మీకూ తెలుసు. సర్వీస్ రిజిస్టర్‌లో జూన్ 1 అనే ఎక్కుతుంది. నెల మొదటి తేదీన పుట్టినవారు అంతకుముందు నెల చివరి రోజున విరమణ చేస్తారు కాబట్టి ఆమె సర్వీసు 31-5-2059న ముగుస్తుంది. పుట్టిన తేదీ నమోదు, మార్పులకు 1984లో ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం చేరినప్పుడు పాఠశాల రికార్డును బట్టి నమోదైన తేదీని తరువాత మార్చుకోవడం దాదాపు అసాధ్యం. విరమణ దగ్గరపడ్డాక కోర్టుకు వెళ్ళినవారు చాలామంది నిరాశతోనే తిరిగివచ్చారు.

సరళ ఆధార్‌లో మాత్రం పుట్టిన తేదీ 15-11-1998 అని ఉంది. ఇంటిపేరు కూడా అత్తవారిది. సూపరింటెండెంటు పెన్ను ఆగేది ఇక్కడే. ఆధార్ మీరెవరో చెప్పే గుర్తింపు పత్రమే తప్ప పుట్టిన తేదీకి రుజువు కాదు. 2024 అక్టోబరులో ఒక నష్టపరిహారం కేసులో సుప్రీంకోర్టు కూడా వయస్సు నిర్ణయానికి ఆధార్ కన్నా పాఠశాల ధ్రువపత్రాన్నే ప్రమాణంగా తీసుకుంది. కాబట్టి రిజిస్టర్‌లో మెమోలోని తేదీ, మెమోలోని పేరు ఎక్కుతాయి. చేరిక ఆగకపోవచ్చు. చిక్కు తరువాత వస్తుంది. పింఛను ఖాతాకు ప్రాన్ నంబరు తీసుకోవాలి, జీతం బ్యాంకులో పడాలి, పాన్ మీద పన్ను లెక్క జరగాలి. ఈ మూడింటిలో పేరు తలొక రకంగా ఉంటే మొదటి జీతమే ఆలస్యమవుతుంది.

దీనికి ఉపాయం ముందుగానే ఆధార్‌ను పదో తరగతి మెమోకు అనుగుణంగా మార్చించుకోవడం. ఆధార్‌లో పుట్టిన తేదీని సాధారణంగా ఒక్కసారే మార్చనిస్తారు. అందుకే తొందరపడి వేరే పత్రంతో మార్చుకుని ఆ అవకాశాన్ని పోగొట్టుకోకండి. ఇంటిపేరు తేడాకు వివాహ నమోదు పత్రం అసలుది వెంట ఉంచుకోవాలి. పెళ్ళయిన ప్రతి స్త్రీ పేరు మార్చుకోవాలన్న నియమం ఏదీ లేదు. రికార్డుల దృష్ట్యా మార్చుకోకపోవడమే సుఖం.

ఇక డిగ్రీ. పాసయ్యారా అన్నదాంతోపాటు ఎప్పుడు పాసయ్యారన్నది కూడా చూస్తారు. ప్రకటనలో చెప్పిన తేదీనాటికి అర్హత ఉండి తీరాలి. ఆ తేదీ డిసెంబరు 1 అయి, మీ ఫలితాలు డిసెంబరు 20న వచ్చి ఉంటే, ఎన్ని మార్కులున్నా అర్హత లేనట్లే. అందువల్ల ప్రొవిజనల్ సర్టిఫికెట్‌తోపాటు అన్ని సంవత్సరాల మార్కుల మెమోలు తీసుకువెళ్ళండి. ఒక పేపరు తరువాతి విడతలో పాసైతే ఆ మెమో విడిగా ఉంటుంది, దాన్ని మరచిపోవద్దు. దూరవిద్య డిగ్రీ అని ఎవరైనా సందేహిస్తే బెదరకండి. గుర్తింపు ఉన్న సంస్థ ఇచ్చిన దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని యు.జి.సి. 2022లో స్పష్టం చేసింది. తరువాత కార్యాలయం మీ మెమోల నకళ్ళను విశ్వవిద్యాలయానికి పంపి నిజమైనవేనా అని అడుగుతుంది. అది అందరికీ జరిగేదే.

స్టడీ సర్టిఫికెట్లు మీరు ఏ జిల్లాకు స్థానికులో తేలుస్తాయి. తెలంగాణలో 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల తరువాత 1 నుంచి 7వ తరగతి వరకు ఎక్కడ చదివారన్నది చూస్తున్నారు. రెండు మూడు బడులు మారినవారు ప్రతి బడినుంచీ విడిగా తెచ్చుకోవాలి. మధ్యలో ఒక్క సంవత్సరం తప్పినా ప్రశ్న వస్తుంది. బడి మొహం చూడకుండా నేరుగా డిగ్రీలో చేరినవారు తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం సిద్ధం చేసుకోవాలి. రిజర్వేషన్ కింద ఎంపికైనవారికి కుల ధ్రువపత్రం తండ్రి వైపు వివరాలతో ఉండాలి. బి.సి. అభ్యర్థులు క్రీమీలేయర్‌లో లేరని చెప్పే పత్రంలోనూ తల్లిదండ్రుల స్థితినే చూస్తారు. సరళ భర్త జీతంతో దానికి సంబంధం లేదు.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ చూసి తిరిగి ఇచ్చేవి. కార్యాలయం ఉంచుకునేవి ధ్రువీకరించిన నకళ్ళే. అసలు పత్రం ఏదైనా ఉంచమంటే తేదీతో రసీదు అడగండి. అది మీ హక్కు, మొహమాటపడవద్దు. అయితే వైద్య ధ్రువపత్రం అసలుదే ఫైలులో ఉండిపోతుంది. అది నియామక ఉత్తర్వులో చెప్పిన హోదా ఉన్న ప్రభుత్వ వైద్యుడు ఇచ్చినదై ఉండాలి. తెలిసిన ప్రైవేటు డాక్టరు రాసిచ్చినది చెల్లదు.

పూర్వవృత్తాంత పరిశీలనకు ఇచ్చే అటెస్టేషన్ ఫారం కూడా ఫైలులోనే ఉంటుంది. మీరు నివసించిన చిరునామాలు, మీమీద ఉన్న కేసులు అందులో రాయాలి. కళాశాల రోజుల్లో ధర్నాలో పెట్టిన చిన్న కేసు కదా అని ఖాళీ వదిలేసేవారున్నారు. పోలీసు నివేదికలో అది బయటపడితే, కేసుకన్నా దాచిపెట్టడమే పెద్ద తప్పవుతుంది. కేసు స్వభావాన్ని బట్టి నిర్ణయించాలని సుప్రీంకోర్టు 2016లో అవతార్ సింగ్ కేసులో చెప్పింది. అయినా నిజం రాసిన అభ్యర్థి పరిస్థితి, దాచిన అభ్యర్థి పరిస్థితి ఒకటి కావు. కేసు కొట్టివేశారంటే ఆ తీర్పు నకలు జతచేయండి.

పాన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, ఫొటోలు చివర ఇస్తే చాలు. నామినీగా ఎవరి పేరు రాయాలో మాత్రం ఇంటినుంచే నిర్ణయించుకుని, వారి పుట్టిన తేదీ రాసుకుని వెళ్ళండి. ఆ గడి దగ్గర ఆగి ఇంటికి ఫోన్లు చేసేవారిని ఎందరినో చూశాను.